బదిలీ స్వీకరించలేకపోవడం, రాజీనామా

విజయవాడ,
01-07-2024, సోమవారం.

గౌరవనీయులైన రీజినల్ మేనేజర్ గారికి,
రీజినల్ ఆఫీసు, హైదరాబాద్.

విషయం: ఇందోర్ డిపోకు బదిలీని స్వీకరించలేనందున ఉద్యోగానికి రాజీనామా, 31-08-2024 సాయంత్రం నుంచి విధుల విడుదల కోరుతూ.

సూచన: 24-06-2024 తేదీ బదిలీ ఉత్తర్వు. నియామక పత్రంలో బదిలీ, నోటీసు షరతులు.

అయ్యా,

నన్ను విజయవాడ డిపో నుంచి ఇందోర్ డిపోకు బదిలీ చేస్తూ, ఈ నెల 10న ఇక్కడ రిలీవ్ అయి 15న అక్కడ చేరాలని ఇచ్చిన ఉత్తర్వు నాకు అందింది. నివాసం మార్చడం నా వ్యక్తిగత పరిస్థితుల్లో వీలుపడదు. అందువల్ల బదిలీని స్వీకరించలేక, డిపో ఇన్‌చార్జి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను.

దేశంలో ఎక్కడికైనా బదిలీ చేసే హక్కు కంపెనీకి ఉందని నియామక పత్రంలో ఉంది. 2015లో దాని మీద సంతకం పెట్టింది నేనే. ఉత్తర్వు మీద గానీ, ఇచ్చినవారి మీద గానీ నాకు ఫిర్యాదు లేదు. దాన్ని మార్చమనీ, వాయిదా వేయమనీ అడగడం లేదు. జీతంలోనో హోదాలోనో తేడా వస్తే జవాబు మారుతుందేమోనన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, మారదని ఇప్పుడే మనవి చేస్తున్నాను. ఆ సంప్రదింపులకు పట్టే వారం రోజులు కింద రాసిన పనులకు కావాలి. ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారంలో కారణం అన్న గడిలో ‘వ్యక్తిగతం, నివాసం మార్చలేకపోవడం’ అని రాస్తాను. ఫోన్‌లో అడిగినా చెప్పేది అదే.

నోటీసు గడువు 60 రోజులు. రేపటి నుంచి లెక్కిస్తే ఆగస్టు 30, శుక్రవారంతో పూర్తవుతుంది. నెలాఖరు క్లోజింగ్‌కు ఒక్క రోజు ముందు తాళాలు ఇచ్చి వెళ్లడం డిపోకు మంచిది కాదు కాబట్టి, 31 శనివారం సాయంత్రం స్టాక్ లెక్క ముగిసేదాకా ఉంటాను. నోటీసు బదులు జీతం కోత, సెలవుల సర్దుబాటు వంటివేవీ కోరడం లేదు.

వెంటనే కావలసింది ఒకటి. ఈ నెల 10వ తేదీ రిలీవింగ్‌ను నిలిపివేసి, ఆగస్టు 31 వరకు నన్ను విజయవాడ డిపోలోనే కొనసాగిస్తున్నట్టు 8వ తేదీలోపు రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఇది మర్యాద కోసం అడుగుతున్నది కాదు. 10న సిస్టమ్‌లో నా లొకేషన్ కోడ్ ఇందోర్‌కు మారితే ఇక్కడి బయోమెట్రిక్‌లో వేసిన వేలిముద్ర లెక్కకు రాదు. 15 నుంచి ఇందోర్ హాజరులో గైర్హాజరు పడుతుంది, జూలై జీతం ఆగుతుంది. రోజూ డిపోలో పనిచేస్తున్న మనిషికి చెప్పకుండా మానేశాడన్న నోటీసు వెళుతుంది. అలా ఒకసారి రికార్డుకెక్కితే దాన్ని సరిచేయడానికి ఇద్దరికీ నెలలు పడుతుంది. బదిలీ అడ్వాన్సు గానీ సామాన్ల రవాణా ఖర్చు గానీ నేను తీసుకోలేదు. 14వ తేదీకి ఆఫీసు తీసిన రైలు టికెట్‌ను ఈ రోజే రద్దు చేయించగలరు, ఆలస్యమైన కొద్దీ కోత పెరుగుతుంది.

ఇక డిపో విషయం. అన్నిటికన్నా ముందు కదలవలసింది డ్రగ్ లైసెన్సు. ఫారం 20బి, 21బి హోల్‌సేల్ లైసెన్సుల మీద అర్హతగల వ్యక్తిగా ఉన్నది నా పేరు. నేను వెళ్లాక ఆ స్థానంలో మరొకరు లేకుండా ఒక్క ఇన్వాయిస్ తీసినా అది లైసెన్సు షరతు తప్పినట్టే. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది కూడా ఆ మనిషినే. లైసెన్సు సస్పెండ్ అయితే గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం లైన్లు మూడూ ఆగిపోతాయి. కొత్త ఇన్‌చార్జి ఎవరన్నది తేలేదాకా దీన్ని ఆపవద్దని నా సలహా. ఆ రెండూ ఒకే మనిషి కావాలని లేదు. మన గోడౌన్‌లోనే ఉన్న బీఫార్మసీ చదివిన ఉద్యోగికి రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది, ఆయన అంగీకరించారు కూడా. ఆయన నియామక పత్రం, డిగ్రీ, రిజిస్ట్రేషన్ ప్రతులు, అంగీకార పత్రం నేను సిద్ధం చేస్తాను. నా రాజీనామాను ఆమోదించిన పత్రం ప్రతి మీ దగ్గర నుంచి రావాలి. అది జూలై 12లోపు అందితే ఆ వారంలోనే ఔషధ నియంత్రణ శాఖకు దరఖాస్తు పెడతాం. ఆమోదం వచ్చేదాకా నా పేరు తీయించవద్దు. కొత్త పేరు చేరడం, పాత పేరు పోవడం ఒకే దరఖాస్తులో జరగాలి.

కోల్డ్ రూమ్ గురించి కొత్తవారికి కాగితం మీద ఇచ్చే సూచనలు చాలవు. వారం రోజులు పక్కన నిలబడి చూడాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని అందరికీ తెలుసు. ఎనిమిది దాటితే అలారం మోగుతుంది, అందరూ పరిగెడతారు. ఇన్సులిన్‌కు అంతే ముప్పు చలి వైపు నుంచీ ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. మన గదిలో కూలింగ్ యూనిట్ గాలి నేరుగా తగిలే పై అరలో తెల్లవారుజామున తలుపు తీయని వేళ ఉష్ణోగ్రత రెండు డిగ్రీల కంటే కిందికి జారుతుంది. అందుకే ఆ అర ఖాళీగా ఉంటుంది. చోటు వృథా అనుకుని ఎవరూ నింపకుండా అక్కడ బోర్డు పెట్టిస్తున్నాను. ప్యాకింగ్‌లో జరిగే తప్పు కూడా ఇలాంటిదే. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన జెల్ ప్యాక్‌ను అప్పటికప్పుడు డబ్బాలో పెడితే దాన్ని ఆనుకున్న వయల్స్ గడ్డకడతాయి. ప్యాక్ పైన చెమట పట్టేదాకా బయట ఉంచి, మధ్యలో అట్ట వేసి పెట్టాలి. రాత్రి లారీ తొందరలో ఈ అరగంటే ఎగిరిపోతుంది. జనరేటర్ మారే స్విచ్ ఆటోమేటిక్ అని రికార్డులో ఉంది గానీ, గత రెండు కరెంటు కోతల్లో చేత్తో మార్చవలసి వచ్చింది. మరమ్మతుకు జూన్ 18న పంపిన కొటేషన్ మీ దగ్గర ఉంది. దాన్ని ఆగస్టులోపు ఆమోదించగలరు.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో డిపో లాగిన్‌కు ఓటీపీ నా సొంత ఫోన్‌కు వస్తోంది. సెప్టెంబర్ 1 రాత్రి లారీ గేటు దగ్గర నిలబడి ఉండగా ఓటీపీ కోసం నన్ను వెతికే పరిస్థితి రాకూడదు. హైదరాబాద్ అకౌంట్స్ విభాగం ప్రధాన లాగిన్ నుంచి కొత్త సబ్ యూజర్‌ను ఈ నెలలోనే తెరవాలి. ఆగస్టు అంతా బిల్లులు ఆ కొత్త లాగిన్‌తోనే తీయిస్తాను, ఏదైనా తప్పు జరిగితే నేను పక్కనే ఉంటాను. తరచూ జరిగే తప్పు లారీ మారినప్పుడు బిల్లు రద్దు చేయడం. రద్దు అక్కర్లేదు, పార్ట్-బిలో బండి నంబరు మారిస్తే సరిపోతుంది. సరుకు వివరాలే తప్పయితే 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి.

బ్యాంకు ఖాతాలో నా సంతకం మార్పు, పెట్టీ క్యాష్, తాళాలు, కంపెనీ ల్యాప్‌టాప్, సిమ్ మామూలు పద్ధతిలో ఆగస్టు చివరి వారంలో అప్పగిస్తాను. ఎక్స్‌పైరీ రిటర్న్స్ 14 సంచులు గోడౌన్ వెనక గదిలో విడిగా ఉన్నాయి. వాటిలో 9 సంచుల క్రెడిట్ నోట్లు అయిపోయాయి, మిగిలిన 5 జూలైలో పూర్తిచేస్తాను. స్టాక్ లెక్క రెండుసార్లు జరగాలని కోరుతున్నాను: జూలై 27న ఒకటి, ఆగస్టు 31న ఒకటి. ఒక్కసారే చివరి రోజున లెక్కిస్తే, తేడా వచ్చినప్పుడు అది బిల్లింగ్ తప్పో, బ్యాచ్ నంబరు తారుమారో, నిజంగా సరుకు తగ్గిందో తేల్చే సమయం ఉండదు. అప్పుడు ఆ మొత్తం నా సెటిల్‌మెంట్‌లో కోతగా కనిపిస్తుంది. రెండో లెక్క షీటు మీద కొత్త ఇన్‌చార్జి, మీరు పంపే ఆడిటర్, నేను ముగ్గురం సంతకాలు చేయాలి.

నాకు రావలసినవి కూడా ఇక్కడే రాస్తున్నాను, తర్వాత విడివిడిగా గుర్తుచేసే పని ఉండదు. 17-08-2015న చేరాను కాబట్టి ఆగస్టు 31కి సర్వీసు తొమ్మిదేళ్ల పదిహేను రోజులు. గ్రాట్యుటీకి తొమ్మిదేళ్లు. చివరి బేసిక్, డీఏ కలిపి రూ.26,000 మీద, నెలకు 26 రోజుల చొప్పున 15 రోజుల వేతనం రూ.15,000 అవుతుంది. తొమ్మిదేళ్లకు రూ.1,35,000. ఫారం-ఐ దరఖాస్తు సెప్టెంబర్ మొదటి వారంలో ఇస్తాను. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఆర్జిత సెలవులు ఈ రోజుకు 38 ఉన్నాయి, వాటి నగదు, ఆగస్టు జీతం ఫుల్ అండ్ ఫైనల్‌లో కలపగలరు.

పీఎఫ్ సొమ్ము నేను తీసుకోను, తర్వాతి ఉద్యోగానికి బదిలీ చేసుకుంటాను. అందుకని ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో నా నిష్క్రమణ తేదీ 31-08-2024 అని సరిగ్గా నమోదు కావాలి. పింఛను పథకంలో నా సర్వీసు ఇంకా పదేళ్లకు చేరలేదు. తర్వాతి ఉద్యోగంలోని నెలలు దీనికి కలవాలంటే ఈ తేదీ తప్పు పడకూడదు. బదిలీ ఉత్తర్వులోని జూలై 10ని పొరపాటున ఎక్కించే అవకాశం ఉంది, పేరోల్ విభాగానికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పగలరు.

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లలో ‘స్వచ్ఛందంగా రాజీనామా చేశారు, నోటీసు కాలం పూర్తిచేశారు’ అన్న రెండు విషయాలు ఉంటే చాలు. బదిలీ ప్రస్తావన అక్కర్లేదని నా మనవి. తర్వాత చదివేవారికి ఆ ఒక్క మాట లేని ప్రశ్నలు తెచ్చిపెడుతుంది, కంపెనీకి ఫోన్లూ తెస్తుంది.

ఈ పత్రం ఈ రోజే మీకు, మానవ వనరుల విభాగానికి ఈమెయిల్‌లో పంపాను. సంతకం చేసిన అసలు ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. అందినట్టు, 31-08-2024ను ఆఖరి పనిరోజుగా అంగీకరించినట్టు ఈమెయిల్‌కు ఒక్క వాక్యం జవాబిస్తే దాని ఆధారంగా లైసెన్సు పని మొదలుపెడతాను.

తొమ్మిదేళ్లుగా డిపోను నా మీద నమ్మకంతో వదిలినందుకు కృతజ్ఞతలు.

ఇట్లు,
మీ విధేయుడు,
వి. రమేశ్
డిపో ఇన్‌చార్జి, విజయవాడ
ఉద్యోగి సంఖ్య 2217

ప్రతి: మానవ వనరుల విభాగం, అకౌంట్స్ విభాగం (ఈ-వే బిల్లు లాగిన్ నిమిత్తం)

జతపరచినవి: బదిలీ ఉత్తర్వు ప్రతి, నియామక పత్రంలో సంబంధిత పేజీ ప్రతి, జూన్ 30 నాటి సెలవుల నిల్వ పట్టిక, జూన్ 18 నాటి జనరేటర్ కొటేషన్ ప్రతి.