ఉల్లి కేంద్రం ప్రెస్ నోట్: దిద్ది పంపుతున్నాను

తమ్ముడూ,

నువ్వు పంపిన నోట్ రెండుసార్లు చదివాను. ఇది ఇలాగే వెళ్తే కోడుమూరు కంట్రిబ్యూటర్ అయినా, కర్నూలు డెస్క్ అయినా మొదటి రెండు లైన్లు చూసి "యాడ్ వాళ్లకు ఇవ్వండి" అంటారు. డెస్క్‌లో కూర్చున్న పదకొండేళ్లూ నేనూ అదే అన్నాను. అందుకే మొహమాటం లేకుండా దిద్దాను, ఏమీ అనుకోవద్దు.

నీ మొదటి వాక్యం ఇది: "కర్నూలు జిల్లా చరిత్రలోనే తొలిసారిగా, కోట్లాది రూపాయల వ్యయంతో, ప్రపంచస్థాయి ప్రమాణాలతో నిర్మించిన మా అత్యాధునిక ఉల్లి ప్రాసెసింగ్ యూనిట్ రైతన్నల బతుకుల్లో వెలుగులు నింపనుందని సగర్వంగా తెలియజేస్తున్నాం."

ఇందులో విలేకరి రాసుకోవడానికి ఒక్క ముక్క లేదు. పైగా రెండు చోట్ల చిక్కుల్లో పడతావు. మన జిల్లాలో మహిళా సంఘాల వాళ్లు సోలార్ డ్రయ్యర్లతో ఇప్పటికే ఉల్లి ఎండబెట్టారు. ఆ వార్త రాసిన విలేకరి చేతికే నీ నోట్ వెళ్లిందనుకో, "తొలిసారి" దగ్గరే పక్కన పడేస్తాడు. ఇక "కోట్లాది" అన్నావు గానీ, నీ బ్యాంకు కాగితంలో ఉన్నది 28 లక్షలు. అదే రాయి. 28 లక్షలు చిన్న మొత్తం కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన అవసరం లేదు.

అసలు వార్తను ఏడో పేరాలో దాచిపెట్టావు: "మార్కెట్లో ఎవరూ కొనని చిన్న గడ్డలను కూడా మేము కొనుగోలు చేస్తాము." దీన్ని పైకి తెచ్చాను. ఖరీఫ్ ఉల్లి వానల్లో చేతికొస్తుంది, తేమ ఎక్కువ, నిల్వకు ఆగదు. ధర ఉన్నా లేకపోయినా రైతు అమ్ముకోవాల్సిందే. వ్యాపారి పెద్ద గడ్డ ఏరుకుని పోతే, మిగిలిన చిన్న గడ్డను వెనక్కి తీసుకెళ్లడానికి ఆటో కిరాయి కూడా దండగే. రోడ్డు పక్కన పోసిన ఆ కుప్పల మీద గొర్రెలు తిరగడం మనిద్దరం చూశాం కదా. ఆ సరుకును ఒకరు కొంటారంటే గోనెగండ్ల నుంచి దేవనకొండ దాకా ఉల్లి వేసిన ప్రతి ఇంట్లో చదువుతారు.

రోజుకు 20 క్వింటాళ్లే తీసుకోగలమని నాకు ఫోన్‌లో చెప్పావు, నోట్‌లో రాయలేదు. తక్కువగా కనిపిస్తుందని భయపడ్డావేమో. రాయాల్సిందే. లేకపోతే పేపర్ చూసి ఎవరో నలభై బస్తాలు ఆటోలో వేసుకుని వస్తారు, నువ్వు గేటు దగ్గర చేతులెత్తేస్తావు. మరుసటి రోజు వచ్చేది ఆ వార్తే.

"ఉల్లి పొడితో షుగర్, బీపీ మాయం" అన్న పేరా మొత్తం కొట్టేశాను. అది ఏ పత్రికా వేయదు సరే, ఆహార పదార్థాల గురించి తప్పుదారి పట్టించే ప్రచారం చేస్తే 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ప్యాకెట్ ధర, పండగ ఆఫర్, "ఆర్డర్లకు సంప్రదించండి", "ప్రముఖంగా ప్రచురించగలరు" కూడా తీసేశాను. ఆఫర్ చెప్పుకోవాలంటే డబ్బు కట్టి యాడ్ ఇద్దాం.

"రైతే రాజు అన్నదే మా నినాదం" అని నీ పేరు మీద ఒక మాట పెట్టావు. నువ్వు అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మొన్న ఫోన్‌లో అన్న మాటనే పెట్టాను. దిద్దిన నోట్ ఇదిగో:

---

పత్రికా ప్రకటన

మార్కెట్లో మిగిలిన చిన్న ఉల్లి కొంటాం
కోడుమూరులో ఎండబెట్టే కేంద్రం. ఈ నెల 18 నుంచి కొనుగోళ్లు

కోడుమూరు, ఆగస్టు 12: వ్యాపారులు తీసుకోకుండా వదిలేసే చిన్న సైజు ఉల్లిగడ్డలను ఈ నెల 18 నుంచి నేరుగా రైతుల దగ్గర కొననున్నట్లు కోడుమూరులో కొత్తగా ఏర్పాటైన ఉల్లి ఎండబెట్టే కేంద్రం నిర్వాహకుడు శ్రీనివాసులు తెలిపారు. మార్కెట్ ధర ఎంత పడిపోయినా క్వింటాలుకు రూ.800కు తగ్గకుండా చెల్లిస్తామని, మూడు రోజుల్లో డబ్బు రైతు బ్యాంకు ఖాతాలో వేస్తామని చెప్పారు.

కేంద్రం సామర్థ్యం రోజుకు 20 క్వింటాళ్లు. అందువల్ల రైతులు ముందురోజు ఫోన్ చేసి పేరు నమోదు చేసుకోవాలి. ఒక్కో రైతు దగ్గర రోజుకు 4 క్వింటాళ్ల వరకు తీసుకుంటారు. కుళ్లిన, మొలకెత్తిన గడ్డలు తీసుకోరు.

గడ్డలను పొట్టు తీసి, ముక్కలుగా కోసి, ట్రేలలో పరిచి వేడి గాలితో ఆరబెడతారు. సుమారు పది కిలోల ఉల్లికి ఒక కిలో ఎండు ముక్కలు వస్తాయి. వీటిని హోటళ్లకు, మసాలా తయారీదారులకు అమ్ముతారు. కేంద్రంలో 14 మందికి పని దొరికింది. వారిలో 11 మంది మహిళలు.

"మూడేళ్ల కింద మా నాయన నలభై బస్తాలు యార్డులోనే వదిలేసి వచ్చినాడు. తెచ్చిన కిరాయి కూడా రాలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అప్పుడు మొదలైంది ఈ ఆలోచన" అని శ్రీనివాసులు చెప్పారు.

కేంద్రం ఏర్పాటుకు రూ.28 లక్షలు ఖర్చయింది. ఇందులో 35 శాతం, అంటే రూ.9.80 లక్షలు, సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం కింద రాయితీగా మంజూరైంది. మిగతాది బ్యాంకు రుణం, సొంత పెట్టుబడి.

విలేకరులు ఏ రోజైనా ఉదయం 8 నుంచి 11 గంటల మధ్య వచ్చి పని చూడవచ్చు. ఫోన్ నంబరు లెటర్‌హెడ్‌పై ఉంది.

---

ఫొటో మార్చాలి. రిబ్బన్ కట్ చేస్తూ తొమ్మిది మంది వరుసగా నిలబడిన ఫొటో వద్దు. ట్రేల ముందు కూర్చుని మహిళలు ఉల్లి కోస్తున్న ఫొటో పొద్దున వెలుతురులో తీసి పంపు. ముందు వాళ్లను అడుగు. ఒప్పుకున్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి వరుసగా రాసివ్వు.

నోట్‌ను ఇమేజ్‌గా పంపొద్దు, డెస్క్ వాళ్లు మళ్లీ టైప్ చేసుకోరు. మామూలు టెక్స్ట్‌గా వాట్సాప్‌లో, మెయిల్‌లో మధ్యాహ్నం లోపే పంపు. సాయంత్రమైతే పేజీలు పెట్టే టెన్షన్‌లో ఎవరూ తెరిచి చూడరు. పంపాక ఒక్కసారి ఫోన్ చెయ్యి, చాలు. "ఎప్పుడు వేస్తున్నారు" అని రోజూ అడగొద్దు.

విలేకరి తప్పకుండా ఒకటి అడుగుతాడు: యార్డులో ధర రూ.2,000 ఉన్న రోజు ఏం చేస్తావు? 800 అన్నది కనీస ధర మాత్రమేనా, ఆ రోజు ధరను బట్టి పెంచుతావా? దీనికి జవాబు నాకూ తెలియదు, నోట్‌లోనూ లేదు. ఈ రాత్రికి లెక్క వేసుకుని చెప్పు, రెండో వాక్యం పక్కనే చేరుస్తాను.

ఇంకొకటి. నలభై బస్తాల మాట బాబాయిది. పేపర్లో వస్తే ఊళ్లో అందరూ చదువుతారు. పంపే ముందు ఆ పేరా ఆయనకు చదివి వినిపించు. వద్దంటే తీసేద్దాం, అది లేకపోయినా నోట్ నిలబడుతుంది.

అక్క