తరుగుదల: బహుళైచ్ఛిక ప్రశ్న, జవాబుకు వివరణ

అనంతపురంలోని ఒక వేరుశనగ నూనె మిల్లు 2021 ఏప్రిల్ 1న రూ.4,60,000 పెట్టి యంత్రం కొన్నది. దాని రవాణాకు, బిగింపుకు రూ.40,000 అయింది. జీవితకాలం 10 ఏళ్లు, తుక్కు విలువ రూ.50,000. స్థిర వాయిదాల పద్ధతిలో వచ్చే తరుగుదలకు, 10% రేటుతో తగ్గుతున్న నిల్వల పద్ధతిలో వచ్చే తరుగుదలకు 2023-24లో తేడా ఎంత? ఖాతాలు మార్చి 31న ముగుస్తాయి.

అ) రూ.500
ఆ) రూ.3,740
ఇ) రూ.4,500
ఈ) రూ.8,550

జవాబు: ఇ

వివరణ: బిగింపు ఖర్చు లేకుండా యంత్రం తిరగదు కదా, అదీ యంత్రం ఖరీదులో భాగమే. మొత్తం రూ.5,00,000.

స్థిర వాయిదాల పద్ధతి: (5,00,000 − 50,000) ÷ 10 = ఏటా రూ.45,000.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తుక్కు విలువను ముందుగా తీసేయకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.
మొదటి ఏడు: 5,00,000 × 10% = 50,000; నిల్వ 4,50,000
రెండో ఏడు: 45,000; నిల్వ 4,05,000
మూడో ఏడు: 40,500

తేడా: 45,000 − 40,500 = రూ.4,500.

రెండో ఏడు రెండు పద్ధతుల్లోనూ 45,000 రావడం ఈ అంకెల వల్లే, అది సూత్రం అనుకోవద్దు.

బిగింపు ఖర్చు వదిలేస్తే ‘ఆ’ వస్తుంది. తుక్కు విలువను రెండు పద్ధతుల్లోనూ తీసేస్తే ‘ఈ’. మూడేళ్ల మొత్తం తరుగుదలలను (1,35,000, 1,35,500) పోల్చితే ‘అ’; ప్రశ్న అడిగింది ఒక్క ఏడాది గురించే.