క్యాష్‌లెస్ ప్రీ-ఆథరైజేషన్ అభ్యర్థన: కుడి మూత్రనాళంలో రాయి, చీము పట్టిన కిడ్నీ, అత్యవసర స్టెంటింగ్

తేదీ: 13-06-2025, ఉదయం 7.40
నుంచి: ఇన్సూరెన్స్ డెస్క్, మహారాణిపేట, విశాఖపట్నం
ఎవరికి: మెడికల్ ఆఫీసర్ గారికి, క్యాష్‌లెస్ విభాగం, టీపీఏ

అయ్యా,

పార్ట్-సి ఫారం మీ పోర్టల్‌లో నింపి పంపాం. మీ హెల్ప్‌లైన్‌కు ఉదయం 6.40కి ఫోన్‌లో కూడా సమాచారం ఇచ్చాం. ఫారం గడుల్లో పట్టని విషయం ఈ లేఖలో ఉంది. రోగి కుమారుడు చదివి సంతకం చేయాలి కాబట్టి తెలుగులో రాశాం. వైద్య వివరాలన్నీ చికిత్స చేస్తున్న యూరాలజిస్టు చూసి, సరిదిద్ది, సంతకం చేసినవే.

రోగి అప్పలరాజు గారు. వయసు 54. పూర్తి పేరు, పుట్టిన తేదీ ఈ-కార్డులో ఉన్నట్టే ఫారంలో రాశాం, ఆధార్‌తో సరిపోల్చాం. ఉండేది జాలారిపేట, పని ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల మెకానిక్. పాలసీ కుమారుడి పేరు మీద ఉన్న ఫ్యామిలీ ఫ్లోటర్, బీమా మొత్తం 5 లక్షలు. 14-08-2019న మొదలైంది, ఏ ఏడూ తెగకుండా రెన్యువల్ అయింది, మొత్తం మధ్యలో పెంచలేదు. ఈ ఏడాది ఇంతవరకు క్లెయిమ్ లేదు.

రోగ నిర్ధారణ: కుడి మూత్రనాళం పై భాగంలో 9 మి.మీ. రాయి, దానివల్ల మూత్రం నిలిచి కిడ్నీకి ఇన్‌ఫెక్షన్, సెప్సిస్. కోడ్‌లు N13.6, N20.1. తోడుగా టైప్-2 షుగర్, E11.9.

అడుగుతున్నది: అత్యవసర సిస్టోస్కోపీ, కుడివైపు డీజే స్టెంటింగ్, ఒక రోజు హెచ్‌డీయూ, నాలుగు రోజులు వార్డు. అంచనా 1,02,000 రూపాయలు.

ఏం జరిగింది

ఈయన మా దగ్గరికి రావడం ఇది రెండోసారి. 10-06-2025న కుడి డొక్కలో నొప్పితో యూరాలజీ ఓపీకి వచ్చారు. ఆ రోజు జ్వరం లేదు. స్కానింగ్‌లో కుడి కిడ్నీ కొద్దిగా ఉబ్బి కనిపించింది, క్రియాటినిన్ 1.2. అడ్మిట్ చేయాల్సిన పరిస్థితి కాదు, చేయలేదు. టామ్సులోసిన్, నోటి ద్వారా యాంటీబయోటిక్, నొప్పి మాత్ర రాసి, జ్వరం గానీ వాంతులు గానీ వస్తే వెంటనే రమ్మని ఓపీ చీటీ మీదే రాసి పంపారు. ఆ చీటీ జతచేశాం. రాయి ఉందనగానే బెడ్ ఇచ్చేశామన్న అనుమానం ఎవరికైనా వస్తే ముందు ఆ కాగితం చూడమని మనవి.

తర్వాత రెండు రోజులు ఆయన పనికే వెళ్లారు. వేట నిషేధం 14వ తేదీతో ముగుస్తుంది. బోట్లన్నీ ఒకేసారి రిపేరుకు వచ్చి ఉన్నాయి. ఎండలో ఇంజన్ గదిలో పని, తాగే నీళ్లు తక్కువ. నొప్పి ఆగక బయట మందుల షాపులో డైక్లోఫినాక్ కొనుక్కుని రోజుకు మూడు చొప్పున వేసుకున్నట్టు ఆయనే చెప్పారు. దీన్ని కేస్ షీట్‌లో దాచకుండా రాశాం. 12వ తేదీ రాత్రి చలితో వణుకు, వాంతులు మొదలయ్యాయి. 13వ తేదీ ఉదయం 5.10కి కుమారుడు ఆటోలో క్యాజువాల్టీకి తెచ్చారు.

వచ్చేసరికి: జ్వరం 102.6, నాడి నిమిషానికి 118, బీపీ 98/62, శ్వాస నిమిషానికి 24, గాలిలో ఆక్సిజన్ 97 శాతం. స్పృహ ఉంది, మాట తడబడలేదు. కుడి నడుం వెనక తడితే తట్టుకోలేని నొప్పి. లీటరున్నర సెలైన్ ఎక్కించాక బీపీ 112/70కి వచ్చింది.

రక్తపరీక్షలు: తెల్ల కణాలు 18,600, అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం. సీఆర్పీ 146. లాక్టేట్ 2.6. క్రియాటినిన్ 2.3. పొటాషియం 4.8. షుగర్ 284, హెచ్‌బీఏ1సీ 8.1. ప్లేట్‌లెట్లు 1.62 లక్షలు, ఐఎన్ఆర్ 1.1. మూత్రంలో చీము కణాలు లెక్కకు మించి ఉన్నాయి. రక్తం, మూత్రం కల్చర్లకు మొదటి యాంటీబయోటిక్ డోసు కంటే ముందే తీశాం.

కాంట్రాస్ట్ లేని సీటీ, ఉదయం 6.05: మూడో నడుం పూస ఎత్తున కుడి మూత్రనాళంలో 9 మి.మీ. రాయి, పైన కిడ్నీ మధ్యస్థంగా ఉబ్బి ఉంది, చుట్టూ కొవ్వులో వాపు. కిడ్నీలో గ్యాస్ లేదు. ఎడమ కిడ్నీ మామూలుగా ఉంది.

ఇంట్లో ఉంచి ఎందుకు చూడలేం

మూత్రం కదలకుండా నిలిచిన చోట ఇన్‌ఫెక్షన్ చేరితే, సూది ద్వారా ఎంత యాంటీబయోటిక్ ఎక్కించినా ఆ కిడ్నీలోకి సరిపడా చేరదు. దారి తెరిచి చీమును బయటికి వదలడమే అసలు చికిత్స. మందు దానికి తోడు మాత్రమే. దారి తెరవడం ఆలస్యమైతే బీపీ పడిపోతుంది, కిడ్నీ పాడవుతుంది, ప్రాణానికే ముప్పు. ఈయనకు షుగర్ ఉంది, కాబట్టి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. బీపీ 100 లోపు, శ్వాస 22 పైన అనే రెండు ప్రమాద సూచనలూ వచ్చేసరికే ఉన్నాయి. ఓపీ చికిత్స మూడు రోజులు జరిగి, విఫలమైంది. అందువల్ల ఇది ఓపీలో చూడదగ్గ కేసు కాదు.

క్యాజువాల్టీ షీట్‌లో డ్యూటీ డాక్టర్ ‘పరీక్షల కోసం, చికిత్స కోసం అడ్మిషన్’ అని రాశారు. మాకు తెలుసు, ఆ మొదటి మాట చూసి పరీక్షల కోసమే చేర్చారని తిరగ్గొట్టిన కేసులు ఉన్నాయి. ఇక్కడ సీటీ 6.05కి, అడ్మిషన్ 6.30కి. జబ్బేమిటో తేలాకే బెడ్ ఇచ్చాం. ఆ షీటును మార్చలేదు, ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాం.

రాయిని ఇప్పుడే ఎందుకు తీయడం లేదు

ఈ ప్రశ్న మీ నుంచి తప్పక వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాం. యూరెటరోస్కోపీలో రాయిని పగలగొట్టాలంటే నీటిని ఒత్తిడితో లోపలికి పంపాలి. చీము ఉన్న కిడ్నీలో ఆ ఒత్తిడికి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి పోతుంది, సెప్సిస్ ముదురుతుంది. అందుకని ఈరోజు రాయి జోలికి వెళ్లకుండా పక్కనుంచి స్టెంట్ మాత్రమే వేస్తారు. ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గాక, సుమారు రెండు మూడు వారాలకు, రాయి తీసే ప్రొసీజర్ ఉంటుంది. దానికి వేరే అభ్యర్థన పంపుతాం. బిల్లు పెంచడానికి ఒక పనిని రెండు ముక్కలు చేసింది కాదిది.

రాయి ఇరుక్కుపోయి స్టెంట్ ఎక్కకపోతే, వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టాల్సి వస్తుంది. దానికి సుమారు 14,000 అదనం. అది అంచనాలో కలపలేదు. అవసరమైతే ఓటీ నోట్స్‌తో ఎన్‌హాన్స్‌మెంట్ అడుగుతాం.

క్రియాటినిన్ మీద కూడా ఒక మాట. ఎడమ కిడ్నీ బాగుండగా 2.3 ఎలా అయిందని అడగవచ్చు. సెప్సిస్, ఒంట్లో నీరు తగ్గడం, దాని మీద ఆ డైక్లోఫినాక్, మూడూ కలిసిన ఫలితమని యూరాలజిస్టు అభిప్రాయం. మార్చిలో చేయించుకున్న పరీక్షలో 1.0 ఉంది, రిపోర్టు జతచేశాం. పాత కిడ్నీ జబ్బు అనడానికి ఆధారం లేదు. మెట్‌ఫార్మిన్ ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టాం.

పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఎంచుకోవడానికి కారణం: షుగర్, సెప్సిస్, పైగా మూడు రోజులుగా నోటి యాంటీబయోటిక్ వాడుతూండగానే జ్వరం రావడం. కిడ్నీ పనితీరును బట్టి డోసు తగ్గించారు. కల్చర్ రిపోర్టు 48 నుంచి 72 గంటల్లో వస్తుంది. దాన్ని చూసి చిన్న మందుకు మారుస్తారు.

షుగర్ ఎన్నాళ్లుగా: రెండు రకాలుగా ఉన్న సమాధానం

క్యాజువాల్టీ షీట్‌లో షుగర్ ‘10 సంవత్సరాలు’ అని ఉంది. అది తెల్లవారుజామున కుమారుడు కంగారులో చెప్పిన మాట. తర్వాత రోగి భార్య తెచ్చిన పాత చీటీల్లో మొట్టమొదటిది 2017 నాటిది. షుగర్ అప్పుడే బయటపడిందని ఇద్దరూ చెబుతున్నారు. యూరాలజిస్టు అడ్మిషన్ నోట్‌లో 2017 అని తేదీ, సమయం వేసి రాశారు. ముందు రాసిన దాన్ని కొట్టేయలేదు, దిద్దలేదు. రెండు కాగితాలూ, 2017 చీటీ నకలూ మీ ముందే ఉన్నాయి.

ఏ లెక్క తీసుకున్నా కవరేజీ మారదు. 2019 ప్రపోజల్ ఫారంలో షుగర్ ఉందని రాసే పాలసీ తీసుకున్నారు, నకలు జతచేశాం. ముందునుంచీ ఉన్న జబ్బుల వెయిటింగ్ పీరియడ్, రాళ్ల జబ్బులకు పాలసీలో ఉన్న 24 నెలల వెయిటింగ్ రెండూ ఎప్పుడో దాటాయి. పాలసీ మొదలై 60 నెలలు నిండటం వల్ల మారటోరియం కూడా 2024 ఆగస్టులో పూర్తయింది.

ఖర్చు అంచనా

హెచ్‌డీయూ ఒక రోజు 7,500. సెమీ ప్రైవేట్ గది రోజుకు 4,000 చొప్పున నాలుగు రోజులు 16,000. సర్జన్, ఓటీ, మత్తు డాక్టరు కలిపి 28,000. స్టెంట్ 4,500. మందులు, ఓటీ సామగ్రి 24,000. సీటీ, కల్చర్లతో సహా పరీక్షలు 15,500. డాక్టర్ల విజిట్లు, నర్సింగ్ 6,500. మొత్తం 1,02,000.

గది అద్దె పరిమితి పాలసీలో రోజుకు 5,000, హెచ్‌డీయూకు 10,000. రెండూ పరిమితి లోపే. డీలక్స్ గది కావాలని కుమారుడు మొదట అడిగారు. గది దాటితే మిగతా బిల్లులోనూ అదే నిష్పత్తిలో కోత పడుతుందని చెప్పాక మానుకున్నారు. పాలసీ చెల్లించని సరుకులు సుమారు 3,500 వేరుగా రోగి నుంచే తీసుకుంటాం. అది పైన కలపలేదు. 10,000 అడ్వాన్సు కట్టారు. మీ ఆథరైజేషన్ రాగానే ఆ సరుకుల మేరకు ఉంచుకుని మిగతాది తిరిగి ఇస్తాం.

ఐఆర్‌డీఏఐ 29-05-2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపు నిర్ణయం చెప్పాలి. మా వైపు నుంచి కాగితం ఏదీ బాకీ లేదు: ఫారం, ఈ-కార్డు, ఆధార్, ఓపీ చీటీ, క్యాజువాల్టీ షీట్, అడ్మిషన్ నోట్, సీటీ రిపోర్టు, ఫిల్ములు, రక్తపరీక్షలు, మార్చి రిపోర్టు, 2017 చీటీ, ప్రపోజల్ నకలు. కల్చర్ రిపోర్టు ఒక్కటే రావాలి. రాగానే పంపుతాం. దాని కోసం ఇప్పటి నిర్ణయం ఆపవద్దని మనవి.

ప్రొసీజర్ ఉదయం 9.30కి. ఆథరైజేషన్ కోసం దాన్ని ఆపడం లేదు. సందేహం ఏదైనా ఉంటే క్వెరీ పెట్టేముందు ఫారంలో ఉన్న డెస్క్ నంబరుకు ఒక్క ఫోన్ చేయండి. 9.15 వరకు యూరాలజిస్టు వార్డులోనే ఉంటారు, నేరుగా మాట్లాడిస్తాను. ఆ తర్వాతైతే 10.30 దాకా ఆయన ఓటీలో ఉంటారు, ఫోన్ డ్యూటీ డాక్టర్ తీసుకుంటారు.

ఇట్లు,
కోఆర్డినేటర్, ఇన్సూరెన్స్ డెస్క్
వైద్య వివరాలు ధ్రువీకరించినవారు: చికిత్స చేస్తున్న యూరాలజిస్టు (సంతకం, రిజిస్ట్రేషన్ ముద్ర ఫారంలో)
చదివి అంగీకరించినవారు: పాలసీదారు, రోగి కుమారుడు