వందన సమర్పణ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంకా కుర్చీలు వదలకుండా కూర్చున్న మన ధర్మవరం జనానికి నమస్కారం, పరాభవ నామ ఉగాది శుభాకాంక్షలు.

వందన సమర్పణ అనగానే సగం మంది చెప్పులు వెతుక్కుంటారని తెలుసు. అందుకే వంటవాళ్లకు ముందే చెప్పిపెట్టాను, నేను మైకు వదిలేదాకా ఓళిగల బుట్ట మూత తీయొద్దని. కాబట్టి నాలుగు నిమిషాలు ఓపిక పట్టండి. అందరి పేర్లూ యాంకరమ్మ ఇప్పటికే రెండుసార్లు చదివింది, వెనక బ్యానరు మీద కూడా ఉన్నాయి. నేను పేర్లు చదవను, ఎవరేం చేశారో చెబుతాను.

ముందు ముఖ్య అతిథి గారు. ఐదు నిమిషాలు మాట్లాడతానని చెప్పి, నిజంగానే ఐదు నిమిషాల్లో ముగించిన అతిథిని ఈ వేదిక మీద మొదటిసారి చూస్తున్నాం. మాట్లాడి వెళ్లిపోకుండా కిందికి దిగి, పిల్లల మధ్య చాప మీద కూర్చుని బొమ్మలాట చివరిదాకా చూశారు. అయ్యా, మీకు కప్పిన శాలువా కంటే ఆ చాపే మీకు ఎక్కువ అందమిచ్చింది. పంచాంగం చదివిన పంతులు గారికీ, అందరి రాశులకూ ఆదాయం కాస్త పెంచి చెప్పినట్టున్నారు, అందుకూ నమస్కారం.

దాతల్లో ఇద్దరు తమ సంగతి ఎత్తొద్దన్నారు. ఎత్తుతున్నాను, మన్నించాలి. పట్టుచీరల అంగడి సేఠు గారు కళాకారులందరికీ బట్టలు పెట్టారు. ఆడవాళ్లకు తన కొట్లోని చీరలే, అంచు చూసి రంగు చూసి తానే ఏరి తెచ్చారు. రైసుమిల్లు అన్న బియ్యం బస్తాలు పంపి, మళ్లీ మధ్యాహ్నం ఫోన్ చేసి "చాలకపోతే మొహమాటపడొద్దు" అన్నాడు. షామియానా, కుర్చీలు, సౌండు సగం బాడుగకే ఇచ్చిన తమ్ముడికీ, మెడికల్ షాపు అన్నకూ, పాలకేంద్రం వాళ్లకూ, చందా పుస్తకం చూసి తలుపు వేసుకోని ప్రతి ఇంటికీ కృతజ్ఞతలు.

ఇక మన వాలంటీర్లు. వీళ్లలో చాలామంది మగ్గం మీద కూర్చునేవాళ్లు. మగ్గం ఆగితే ఆ పూట కూలి ఆగినట్టే, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. అయినా నిన్నటినుంచీ గుంజలు పాతారు, తోరణాలు కట్టారు. పొద్దున్నే వేపపువ్వు దులిపి, ఈనెలు ఏరి, ఇంతమందికీ పచ్చడి కలిపిన అక్కచెల్లెళ్లకు దండాలు. బెల్లం ఎక్కువైందని ఎవరో అన్నారట. ఎవరన్నా చేదు ఎక్కువైందంటే బాధపడాలి గానీ, దీనికేముంది.

కూచిపూడి ఆడిన పాపలకు, వాళ్ల గురువు గారికి అభినందనలు. అందరికంటే చిన్న పాప గజ్జె ఊడి వేదిక అంచుదాకా దొర్లింది. ఆ పిల్ల తాళం తప్పలేదు, ముఖంలో నవ్వూ తగ్గలేదు. అడుగులు వేస్తూనే పక్కకు జరిగి, కాలితో దాన్ని లోపలికి నెట్టేసింది. గురువు గారూ, అది మీరు నేర్పిందో తాను నేర్చుకుందో మీరే చెప్పాలి. రాయబారం పద్యాలు పాడిన రిటైర్డు మాస్టారి రాగం బస్టాండుదాకా వినపడిందట. వన్స్ మోర్ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

చివరగా నిమ్మలకుంట తోలుబొమ్మలాట బృందం. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మనకు తెలుసు. కానీ పక్కనే ఉన్న ఊరు కదా అని, వాళ్ల ఆటను మన వీధిలో ఆడించి ఎన్నేళ్లయిందో ఒకసారి తలచుకోండి. మేకతోలు పలచగా గీకి, రంగులద్ది, సన్నటి రంధ్రాలు పొడిచిన బొమ్మ తెరకు ఆనగానే నగలు నిజంగా మెరిసినట్టు కనిపించాయి. బంగారక్కా కేతిగాడూ పోట్లాడుకుంటుంటే వెనక వరుసలోని మా అవ్వలు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. సరిగ్గా హనుమంతుడి తోకకు నిప్పంటించేటప్పుడే కరెంటు పోయింది. జనరేటరు అందుకునేదాకా ఆ చీకట్లో పాట ఆపలేదు ఆ పెద్దమ్మ. మద్దెలా ఆగలేదు. పిల్లలొక్కరూ లేవలేదు. వెలుగు వచ్చేసరికి లంక అంటుకుని ఉంది. అమ్మా, ఆ కాసేపటికి మీకు ఏ సన్మానమూ సరిపోదు. దసరాకు మళ్లీ రావాలని కమిటీ తరఫున ఇప్పుడే తాంబూలం ఇస్తున్నాం, కాదనకండి.

బందోబస్తుకు వచ్చిన పోలీసు సోదరులకు, విలేకరులకు, రేపు పొద్దున ఈ మైదానం ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు నమస్కారం. ఆకులు, గ్లాసులు డ్రమ్ముల్లోనే వేస్తే వాళ్లకు సగం పని తప్పుతుంది. భోజనాలకు ముందు కళాకారులు, తర్వాత పిల్లలు, ఆ తర్వాతే కమిటీ.

ఇప్పుడు జాతీయ గీతం. అందరూ లేచి నిలబడాలని మనవి.