కార్డు పనిచేస్తూనే ఉంది

నాలుగున్నరకు లీలామహల్ సర్కిల్లో కంపెనీ బస్సెక్కిన కార్డు
రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి దాటి
ఆరుకు పది నిమిషాల ముందు
శ్రీసిటీలో గేటు రీడరు ముందు నిలిచింది.

ఎర్ర లైటు.
చొక్కా అంచుకు తుడిచి పెడితే
మళ్లీ ఎర్ర లైటే.

కార్డు చెడిపోలేదు.
పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54.
ప్లాస్టిక్ పొరల నడుమ సన్నటి రాగితీగ చుట్లు,
ఓ మూల ఆవగింజంత చిప్పు.
బ్యాటరీ లేదు. రీడరు దగ్గరికొస్తే
దాని నుంచే కరెంటు తీసుకుని తన నంబరు చెబుతుంది.
ఇవాళా చెప్పింది, ఒక్క అంకె తప్పకుండా.
రీడరూ వినింది.
రాత్రి ఎవరో ఓ గదిలో కూర్చుని
లోపలికి రానివ్వాల్సిన జాబితాలోంచి
ఆ నంబరు తీసేశారు.
తలుపు జాబితానే నమ్ముతుంది.

కార్డు మీద రాసిందేదీ అబద్ధం కాలేదు.
రక్తం ఇంకా ఓ పాజిటివే.
ఆపదొస్తే పిలవాల్సిన నంబరు
పుత్తూరులో అమ్మదే.
ఫొటోలో మీసం సరిగ్గా రాని మొహం.
క్లిప్పు లాగి లాగి చిల్లు దగ్గర పగిలితే
సెల్లోటేపు అతికించి వాడిన కార్డు,
సోల్డరింగ్ పొగ వాసన పట్టిన పట్టీ.
నాలుగేళ్ల పది నెలలు.
నిన్న సాయంత్రం ఓటీకి ఆగమన్నప్పుడు కూడా
ఇది మెడలోనే ఉంది.

"హెచ్‌ఆర్ వాళ్లు చెప్పినారు తమ్ముడూ,
కార్డు తీసుకుని పంపించేయమని.
నేనేమి చేసేది?"
సెక్యూరిటీ బల్ల మీద అట్టపెట్టెలో
అప్పటికే చాలా కార్డులు,
పట్టీలు ఒకదానికొకటి మెలిపడి.

"ఇస్తానన్నా, ఉండు."
ముందు రెండు పక్కలా ఫోనులో ఫొటో.
ఉద్యోగి నంబరు, చేరిన తేదీ స్పష్టంగా పడ్డాయా, చూసుకోవడం.
పీఎఫ్ కోసం ఇచ్చిన 12 అంకెల యూఏఎన్ జీతం స్లిప్పులో ఉంది.
ఆఫీసు మెయిలు ఆగిపోతే ఆ స్లిప్పులూ అందవు,
అందుకే నెలనెలా సొంత ఫోనులోకి దించి పెట్టినవి.

"రసీదు రాయన్నా.
తేదీ, టైము, కార్డు నంబరు, నీ సంతకం.
లేకుంటే కార్డు పోగొట్టినాడని
సెటిల్మెంటులో రెండు నూర్లు కోస్తారు.
తీసేసినామన్న మాట కాగితం మీద ఇమ్మను,
ఎందుకో కూడా రాయమను.
రాజీనామా రాసిమ్మంటే రాయను.
నోటీసు ఇయ్యలేదు, దానికి బదులు నెల జీతం.
నిండిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం.
అయిదో ఏట 240 రోజులు దాటినాయి,
గ్రాట్యుటీ కూడా అడగతా.
లోపలికి ఫోన్ చెయ్యి,
ఎవరైనా వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

వెనకున్న అమ్మాయి మెడలోంచి పట్టీ తీసేస్తోంది.
"ఇయ్యద్దు చెల్లీ, అప్పుడే ఇయ్యద్దు.
ముందు ఫొటో తీసుకో.
రెండో పక్క కూడా."