కసిం నలుపు మీద నీ అబ్‌స్ట్రాక్ట్: నాలుగు భాగాలుగా తిరగరాసింది

అమ్మా,

కలంకారీ నలుపుకు వాడే కసిం మీద నిన్న రాత్రి నువ్వు పంపిన అబ్‌స్ట్రాక్ట్ చదివాను. నువ్వు శ్రీకాళహస్తికి ఎన్నిసార్లు బస్సెక్కావో, ఆ కసిం కుండ పక్కన ఎన్ని గంటలు కూర్చున్నావో నాకు తెలుసు. ఆ కష్టం ఈ పేరాలో కనిపించడం లేదు. అందుకే పొద్దున ఫోన్ చేసి అన్ని ప్రశ్నలు అడిగాను. సదస్సు వాళ్లు నేపథ్యం, పద్ధతి, ఫలితం, ముగింపు అని నాలుగు శీర్షికలతో, 200 మాటల్లోపు అడిగారు కదా, నువ్వు చెప్పిన జవాబులు కలిపి అలాగే తిరగరాశాను. ముందు నీది మళ్లీ ఒకసారి చదువుకో:

"శ్రీకాళహస్తి కలంకారీ ప్రపంచ ప్రసిద్ధి చెందిన కళ. అనాదిగా కళాకారులు సహజ రంగులతో గుడ్డ మీద చిత్రాలు గీస్తున్నారు. నేటి ఆధునిక యుగంలో సహజ రంగుల ప్రాధాన్యం రోజురోజుకూ పెరుగుతోంది. ఈ అధ్యయనంలో నలుపుకు వాడే కసింను వేర్వేరు రోజులు పులియబెట్టి, గుడ్డ మీద గీసి, ఉతికి పరిశీలించడం జరిగింది. రోజులు పెరిగేకొద్దీ రంగు నిలకడలో గణనీయమైన తేడా కనిపించింది. కాబట్టి 21 రోజుల కసిం అత్యుత్తమమని, గుడ్డ బలం కూడా తగ్గదని, కళాకారులందరూ దీన్నే పాటించాలని ఈ అధ్యయనం నిరూపిస్తోంది."

ఇప్పుడు ఇది చూడు.

శ్రీకాళహస్తి కలంకారీలో కసిం పులిసిన రోజులకూ నలుపు గీత నిలకడకూ ఉన్న సంబంధం

నేపథ్యం: కలంకారీలో నలుపు గీతకు కసిం వాడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో పులిస్తే వచ్చే ఈ ద్రావణంలోని ఇనుము, కరక్కాయ పట్టించిన గుడ్డలోని టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. కసిం ఎప్పుడు సిద్ధమైందో కళాకారులు అనుభవంతో నిర్ణయిస్తారు. పులిసిన రోజులను బట్టి, ఉతికినప్పుడు గీత నిలిచే తీరు మారుతుందా అన్నది ఈ అధ్యయనం ప్రశ్న.

పద్ధతి: ఫిబ్రవరిలో ఒకే కుండలో పెట్టిన కసింను 7, 14, 21వ రోజుల్లో తీశాం. కరక్కాయ, గేదె పాలు పట్టించిన ఒకే తాను గుడ్డ నుంచి ఒక్కో దఫాకు 6 చొప్పున 18 ముక్కల మీద ఒకే కళాకారుడు వెదురు కలంతో గీశారు. గీసిన 3 రోజులకు ప్రతి ముక్కను సబ్బు నీళ్లలో 5 సార్లు ఉతికి నీడలో ఆరబెట్టాం. రంగు మార్పును 1 (బాగా వెలిసింది) నుంచి 5 (మారలేదు) వరకు ఉండే గ్రే స్కేల్‌తో ఇద్దరు విడివిడిగా అంచనా వేశారు. ఏ ముక్క ఏ రోజుదో వాళ్లకు తెలియదు.

ఫలితం: మధ్యస్థ విలువ 7 రోజుల కసింకు 2.5, 14 రోజులకు 3.5, 21 రోజులకు 4. 7 రోజుల ముక్కల్లో ఏదీ 3 దాటలేదు, 14 రోజుల ముక్కల్లో ఏదీ 3కు తగ్గలేదు. 14, 21 రోజుల ముక్కల్లో చాలావాటికి ఒకే విలువలు వచ్చాయి. 21 రోజుల ముక్కల్లో రెండింటికి గీత అంచు పాకింది.

ముగింపు: ఈ కుండలో 14 రోజులు పులిసిన కసిం గీత 7 రోజుల దానికంటే ఉతుకుకు బాగా నిలిచింది. ఆ తర్వాత ఆగినందువల్ల లాభం ఉందని ఈ కొలతలు తేల్చలేదు. వేర్వేరు కుండలతో, వేర్వేరు కాలాల్లో మళ్లీ చూడాలి.

ఏది ఎందుకు మార్చానో చెబుతాను. రేపు ఎవరైనా అడిగితే జవాబు నువ్వే చెప్పాలి కదా.

నీ పేరాలో ఆరు వాక్యాలుంటే మొదటి మూడూ కలంకారీ గొప్పతనానికే పోయాయి. నీ పని మొత్తానికి మిగిలింది ఒక్క వాక్యం. పేరాగా ఉన్నప్పుడు అది కంటికి ఆనదు, చదువుతూ వెళ్లిపోతాం. "పద్ధతి" అని శీర్షిక పెట్టి కింద ఆ ఒక్క వాక్యం వేసి చూస్తే ఎంత ఖాళీగా ఉందో తెలిసింది. ఎన్ని రోజులు? ఎన్ని ముక్కలు? ఎవరు గీశారు? ఎలా ఉతికారు? అన్నీ నీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. ముక్కల వెనక ల్యాబ్ అసిస్టెంట్ చేత కోడ్ నంబర్లు వేయించిన సంగతి నేను అడిగితే తప్ప చెప్పలేదు నువ్వు! నీ పనిలో అన్నిటికంటే బలమైన సంగతి అదేనమ్మా. అంచనా వేసినవాళ్లలో నువ్వూ ఒకదానివి, 21 రోజులది బాగుండాలని నీకు ఆశ ఉంది. కోడ్ లేకపోతే ఆ అంకెలను ఎవరూ నమ్మరు.

"గణనీయమైన తేడా" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. ఎంత తేడా? ఏ రెండింటి మధ్య? నువ్వు పంపిన పట్టిక ముందు పెట్టుకుని 18 విలువలూ కాగితం మీద మూడు వరసల్లో రాశాను. 7కీ 14కీ మధ్య తేడా కళ్లకు కట్టినట్టుంది. 14వ రోజు వరసలో 3, 3.5, 3.5, 3.5, 4, 4. 21వ రోజు వరసలో 3.5, 3.5, 4, 4, 4, 4.5. ఆరు ముక్కలతో ఈ రెండు వరసల మధ్య గీత గీసి ఇది మేలు, అది తక్కువ అనలేం. పైగా అంచు పాకిన రెండు ముక్కల సంగతి నువ్వు రాయనే లేదు. నీ వాదనకు అడ్డొచ్చినా అది ఫలితమే, రాసి తీరాలి.

గుడ్డ బలం మాట పూర్తిగా తీసేశాను. నువ్వు బలం కొలవలేదు. ఇనుము, పులుపు కలిసి కాలక్రమంలో నూలును దెబ్బతీస్తాయన్నది పాత వస్త్రాలు భద్రపరిచేవాళ్లందరికీ తెలుసు. సదస్సులో మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఫలితంలో లేని సంగతి ముగింపులోకి రాకూడదు. రెంటికీ విడివిడిగా శీర్షికలు ఉండటంతో ఆ తప్పు వెంటనే దొరికిపోయింది. 1987లో ఒక అమెరికన్ వైద్య పత్రిక అబ్‌స్ట్రాక్ట్‌లను ఇలా శీర్షికలతో రాయమన్నది కూడా, బిజీగా ఉండే డాక్టరు అధ్యయనం ఎంత నమ్మదగిందో వెంటనే తేల్చుకోవాలనే.

"ఈ కుండలో" అని రాసినందుకు నొచ్చుకోకు. ముక్కలు 18 ఉన్నా కుండ ఒక్కటే. ఆ కుండలో బెల్లం కాస్త ఎక్కువైనా, ఇనుము మరీ తుప్పుదైనా అన్ని ముక్కలకూ అదే అంటుకుంటుంది. ఫిబ్రవరి అని రాయించిందీ అందుకే. మన దగ్గర మే నెల ఎండకు కుండ పులిసే వేగమే వేరు.

మాటలు లెక్కపెట్టాను, 200 లోపే ఉంది. నువ్వూ ఒకసారి లెక్కపెట్టుకో. పంపేముందు ఆ కుండ పెట్టిన పెద్దాయనకు ఫోన్ చేసి పద్ధతి, ముగింపు చదివి వినిపించు. పాలు, కరక్కాయ వరస నేను తప్పు రాసి ఉంటే ఆయనే పట్టుకుంటాడు. మంగళవారం ల్యాబ్‌కి వచ్చేటప్పుడు అంచు పాకిన రెండు ముక్కలూ తీసుకురా, లెన్స్ కింద పెట్టి చూద్దాం.