డాకింగ్ స్టేషన్ ద్వారా కొత్త మానిటర్ కనిపించడం లేదు – హనుమకొండ ఆఫీసు, అకౌంట్స్

ఐటీ టీమ్‌కు నమస్కారం.

నిన్న సాయంత్రం నా సీటుకు 27 అంగుళాల కొత్త మానిటర్ వచ్చింది. డాక్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే "No Signal" అని రెండు మూడు సెకన్లు చూపించి, తెర నల్లబడుతోంది. పవర్ బటన్ దగ్గరి తెల్ల లైటు నారింజ రంగులోకి మారుతోంది. అంటే కరెంటు అందుతోంది, సిగ్నలే రావడం లేదు.

అదే డాక్ మీద కీబోర్డు, మౌస్, నెట్ కేబుల్ అన్నీ పనిచేస్తున్నాయి, ల్యాప్‌టాప్ చార్జ్ అవుతోంది. కొత్త మానిటర్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెడితే బొమ్మ చక్కగా వస్తోంది. ముఖ్యమైన విషయం ఏంటంటే, పాత 22 అంగుళాల మానిటర్‌ను అదే కేబుల్‌తో, డాక్‌లో అదే పోర్టుకు పెడితే వెంటనే వచ్చింది. కాబట్టి కేబుల్, పోర్టు బాగానే ఉన్నట్టు. కొత్తదాని రిజల్యూషన్ 2560 x 1440, పాతది 1920 x 1080. తేడా అక్కడే ఉందేమో, లేదా డాక్ ఫర్మ్‌వేర్ పాతదేమో అని నా అనుమానం.

`Win + P` నొక్కి Extend పెట్టాను. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో Detect నొక్కితే "Didn't detect another display" అని వస్తోంది. డాక్ పవర్ తీసి ఐదు నిమిషాలు ఆగి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి చూశాను, మార్పు లేదు. విండోస్ 11. డ్రైవర్ వేయడానికి నాకు అడ్మిన్ పర్మిషన్ లేదు.

20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ వేయాలి, రెండు షీట్లు పక్కపక్కన లేకపోతే లెక్కలు సరిచూడటం చాలా కష్టంగా ఉంది. ఈ రోజు మధ్యాహ్నం 2 తర్వాత ఎప్పుడైనా రిమోట్‌లో చూడండి, సీటులోనే ఉంటాను. డాక్ అడుగున ఉన్న మోడల్ స్టిక్కర్ ఫొటో జతచేశాను.

అకౌంట్స్, రెండో అంతస్తు, కిటికీ పక్క సీటు